షూరిటీ పేరాని తెలుగులో విప్పితే జారిపోయేవి ఏమిటి?

అప్పు ఒప్పందాల తెలుగు ప్రతుల్లో షూరిటీ పేరా దగ్గర, అంటే అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే తాను కడతానని సంతకం పెట్టినవాడి బాధ్యత చెప్పే చోట, "ఉమ్మడిగాను, విడివిడిగాను బాధ్యులు" అనే మాట తరచూ కనిపిస్తుంది. మామూలుగా చదివితే తట్టే అర్థం ఏమిటంటే, ఇద్దరం కలిసి తీర్చాలి, కుదరకపోతే ఎవరి వాటా వాళ్లం కట్టుకోవాలి. చట్టంలో దాని అర్థం తలకిందులు. అప్పిచ్చినవాళ్లు మొత్తం బాకీని ఈ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా అడగొచ్చు, ఒక్కరి దగ్గరే పూర్తిగా వసూలు చేసుకోవచ్చు. "విడివిడిగా" అంటే వాటాలు పంచుకోవడం కాదు, ఒక్కొక్కరి నెత్తిన మొత్తం ఉండడం. ఇంగ్లీషు మాటకు అక్షరాలా సరిపోయే తెలుగు మాట పెట్టారు, తప్పేం లేదు, కానీ చదివినవాడికి చేరింది వేరే అర్థం.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఈ సమస్యకు ఇంకో మెలిక ఉంది. గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. అయితే ఇప్పుడు చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది ఒడియా, సంతకం పెట్టే కాగితం ఇంగ్లీషు. అంటే తెలుగు ప్రతి ఉన్నా అందరూ గడగడా చదివేయరు, ఎవరో ఒకరు చదివి వినిపిస్తే వింటారు. అసలు తెలుగు ప్రతే లేనప్పుడు షోరూంలో ఉన్న కుర్రాడో, సంతకం కోసం వచ్చిన బావమరిదో "ఏం లేదు బావా, పేరుకి ఒక్క సంతకం" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. వాడుక భాషలోకి మార్చడం అంటే అదీ మార్చడమే మరి! కాకపోతే అందులో బాధ్యతలన్నీ మాయమైపోయాయి.

రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ఈ విషయంలో ఎంతవరకు పనికొస్తాయో చూద్దాం. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే రిటైల్ అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇవ్వాలి, అది అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి, అందులో ఉన్నది వివరించి అర్థమైందని సంతకం తీసుకోవాలి. మంచిదే. కానీ ఆ పత్రంలో ఉండేది ప్రధానంగా వడ్డీ, రుసుములు, కిస్తీల లెక్క. షూరిటీ ఇచ్చినవాడి మెడకు చుట్టుకునే పేరా ఒప్పందం లోపలి పేజీల్లోనే ఉండిపోతుంది. అందుకే ఆ పేరానే తీసుకుని విప్పి చూస్తే ఈ పని ఎక్కడ కుదురుతుందో, ఎక్కడ చెడుతుందో తెలుస్తుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. బరంపురంలో పట్టు చీరల దుకాణంలో గుమాస్తాగా ఉన్న మనిషి, బావమరిది సామాన్ల ఆటో కొనడానికి ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర తీసుకున్న 3,00,000 రూపాయల అప్పుకి షూరిటీ సంతకం పెడుతున్నాడు. 36 కిస్తీలు. బండి మీద తాకట్టు ఎలాగూ ఉంది. ఇలాంటి ఒప్పందాల్లో మామూలుగా కనిపించే ధోరణిలో నమూనాగా రాసిన పేరా ఇది:

"ఋణగ్రహీత ఈ ఒప్పందం క్రింద చెల్లించవలసిన అసలు, వడ్డీ, జరిమానా రుసుములు మరియు వసూలు ఖర్చులతో సహా సమస్త బకాయిలను షెడ్యూలులో పేర్కొనిన తేదీలలో చెల్లించుటలో విఫలమైన పక్షమున, హామీదారు, ఋణదాత ఇచ్చు లిఖితపూర్వక నోటీసు తేదీ నుండి ఏడు దినముల లోపు, ఎట్టి అభ్యంతరము లేకుండా, సదరు బకాయిలను ఋణగ్రహీతతో ఉమ్మడిగాను విడివిడిగాను చెల్లించుటకు బాధ్యుడై యుండును, ఋణదాత ముందుగా ఋణగ్రహీతపై గాని తాకట్టు వాహనముపై గాని చర్య తీసుకొనవలసిన ఆవశ్యకత లేకుండానే హామీదారుపై చర్య తీసుకొనవచ్చును, ఋణదాత ఋణగ్రహీతకు గడువు పొడిగించినను, వాయిదా మొత్తమును లేదా వడ్డీ రేటును మార్చినను, అట్టి మార్పును హామీదారునకు తెలియజేసినను తెలియజేయకున్నను, హామీదారు బాధ్యత తగ్గదు, సమస్త బకాయిలు తీరి, ఋణదాత లిఖితపూర్వకముగా విడుదల చేయు వరకు ఈ హామీ కొనసాగును."

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి ఇలాంటి పేరాల్లో చిక్కు రెట్టింపవుతుంది. "విఫలమైన పక్షమున" దగ్గర మొదలైన వాడు "బాధ్యుడై యుండును" దాకా వచ్చేసరికి షరతులన్నీ బుర్రలో మోసుకుంటూ రావాలి, కట్టాలా, కట్టొచ్చా, కట్టనక్కర్లేదా అన్నది ఆఖరి మాట దాకా తేలదు. కళ్లతో చదివేవాడైతే వెనక్కి వెళ్లి చూసుకుంటాడు, చెవులతో వినేవాడికి ఆ వీలు లేదు.

దీన్ని వాడుక తెలుగులోకి మార్చమంటే చాలామంది వెంటనే రాసేది ఇలా ఉంటుంది: "అప్పు తీసుకున్న వ్యక్తి కట్టకపోతే మేము అడిగిన ఏడు రోజుల్లో మీరు కట్టాల్సి రావచ్చు. అప్పు తీరేవరకు మీ హామీ ఉంటుంది." చదవడానికి హాయిగా ఉంది, వినగానే అర్థమవుతుంది, ఇది వాడుక తెలుగే. ఒప్పందం మాత్రం కాదు. ఏం పోయాయో లెక్క చూడాలంటే ముందు అసలు పేరాలో ఏమున్నాయో లెక్క తెలియాలి. అందుకే తెలుగులో ఒక్క ముక్క రాయకముందే పేరాని ముక్కలు చేసి నంబర్లు వేసుకోవాలి. ఒక్కో ముక్కకి అడగాల్సింది కొంచెమే: ఎవరు, ఏం చేయాలి (లేదా ఏం చేసే హక్కు ఉంది), ఏం జరిగితే, ఎప్పటిలోగా, ఎప్పటిదాకా.

ఆ లెక్కన పై పేరాలో ఎనిమిది ముక్కలు తేలతాయి. షెడ్యూలు తేదీకి అప్పుదారు కట్టకపోతేనే ఇదంతా మొదలవుతుంది. బకాయి అంటే అసలు ఒక్కటే కాదు, వడ్డీ, జరిమానా రుసుములు, వసూలు ఖర్చులు కూడా. నోటీసు రాతపూర్వకంగా ఉండాలి, గడువు నోటీసు తేదీ నుంచి ఏడు రోజులు. అభ్యంతరం చెప్పి డబ్బు ఆపడానికి లేదు. మొత్తం బకాయి ఒక్కరి దగ్గరే అడగొచ్చు. బండిని గానీ అప్పుదారుని గానీ ముందు పట్టుకోవాలన్న నియమం లేదు. గడువు, కిస్తీ, వడ్డీ మారినా, చెప్పకుండా మార్చినా బాధ్యత అలాగే ఉంటుంది. బకాయి తీరడంతో పాటు రాతపూర్వక విడుదల కూడా ఉంటేనే హామీ ముగుస్తుంది.

ఇప్పుడు ఆ హాయిగా ఉన్న రెండు వాక్యాల్ని ఈ ఎనిమిదింటి పక్కన పెట్టండి. "రాతపూర్వక" పోయింది, అది పోతే నష్టం షూరిటీ ఇచ్చినవాడికే, ఎందుకంటే ఫోన్ చేసి అడిగినా ఏడు రోజులు మొదలైనట్టే అనుకుంటాడు. బండి సంగతి పోయింది, వడ్డీ మార్పు సంగతి పోయింది, వాటిని తెలుసుకోకుండా సంతకం పెట్టినవాడు తర్వాత మోసపోయానంటాడు. అంటే జారిపోయిన ముక్కలు ఒకే పక్షానికి నష్టం చేయవు. అప్పిచ్చేవాడి మీద ఉన్న బాధ్యత కూడా బాధ్యతే, సులువు చేసే తొందరలో ముందు ఎగిరిపోయేది చాలాసార్లు అదే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది "కట్టాల్సి రావచ్చు". ఇక్కడ తెలుగు వ్యాకరణం కాస్త మోసం చేస్తుంది. "వచ్చు" అన్నది అనుమతికీ వాడతాం, అవకాశానికీ వాడతాం. "రేపు వాన రావచ్చు" అంటే రాకపోవచ్చు కూడా. "మీరు లోపలికి రావచ్చు" అంటే అనుమతి. "ఋణదాత చర్య తీసుకొనవచ్చును" అన్నచోట అది హక్కు, కానీ మామూలు చెవికి "తీసుకుంటారేమో, చూద్దాం" అన్నట్టు వినిపిస్తుంది. అందుకే హక్కు ఉన్నచోట "హక్కు ఉంది" అనే రాయాలి, తప్పనిసరి ఉన్నచోట "కట్టాలి" అని ఊరుకోవాలి. "కడతారు", "కట్టవలసి ఉంటుంది" లాంటివి మర్యాదగా ఉంటాయి గానీ మొదటిది అలవాటు చెప్పినట్టు ఉంటుంది, రెండోది ఎప్పుడో ఒకప్పుడు అన్నట్టు ఉంటుంది. మర్యాద కోసం "మీరు", "దయచేసి" ఎన్ని పెట్టుకున్నా ఫర్వాలేదు, క్రియ మాత్రం మెత్తబడకూడదు.

"మనం" మాట కూడా ఇక్కడ పనికిరాదు. స్నేహంగా ఉంటుందని "మనం ఏడు రోజుల్లో కట్టేయాలి" అని చదివి వినిపించేవాళ్లున్నారు. కట్టాల్సినవాడు ఒక్కడు, చదివేవాడికి ఏ బాధ్యతా లేదు, మరి ఆ "మనం"లో ఎవరెవరున్నారు? ఎవరు చేయాలో ప్రతి వాక్యంలోనూ పైకి చెప్పాలి. తెలుగులో కర్తని వదిలేసినా వాక్యం నడిచిపోతుంది కాబట్టి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. "తెలియజేయకున్నను" అన్నచోట ఎవరు ఎవరికి తెలియజేయాలో చెప్పకపోతే, మార్పు సంగతి బావమరిది చెప్పాలనుకుంటాడు గుమాస్తా.

బడిలో వ్యాసం రాసేటప్పుడు ఒకే మాట మళ్లీ మళ్లీ వాడకూడదని నేర్పారు. ఇక్కడ ఆ అలవాటు కొంప ముంచుతుంది. మొదటి వాక్యంలో "బాకీ", రెండో వాక్యంలో "అప్పు", మూడో వాక్యంలో "సొమ్ము" అంటే, జరిమానా రుసుము "అప్పు"లోకి వస్తుందా రాదా అని గొడవ మొదలవుతుంది. "బాకీ అంటే ఈ నాలుగూ" అని ఒకసారి చెప్పి, ఆ తర్వాత చచ్చినా ఇంకో మాట వాడకూడదు. షూరిటీకి కూడా అంతే. బరంపురంలో జామీను అన్నా అర్థమవుతుంది, కానీ జామీను అనగానే కోర్టు, పోలీసు స్టేషను గుర్తొస్తాయి కాబట్టి షూరిటీ అన్న మాటే మేలు. దుకాణాల్లో అనేది అదే.

ఇవన్నీ పాటిస్తూ రాస్తే ఆ పేరా దాదాపు ఇలా వస్తుంది:

"ఇందులో 'బాకీ' అంటే అసలు, వడ్డీ, జరిమానా రుసుములు, వసూలు ఖర్చులు, ఈ నాలుగూ కలిపి. అప్పు తీసుకున్న వ్యక్తి షెడ్యూలులో రాసిన తేదీకి బాకీ కట్టకపోతే, కంపెనీ షూరిటీదారుకి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు మీద ఉన్న తేదీ నుంచి 7 రోజుల్లోపు షూరిటీదారు బాకీ కట్టాలి. అభ్యంతరం ఉందని చెప్పి డబ్బు ఆపకూడదు. బాకీ మొత్తాన్ని అప్పు తీసుకున్న వ్యక్తి దగ్గర గానీ, షూరిటీదారు దగ్గర గానీ, ఇద్దరి దగ్గరా గానీ వసూలు చేసే హక్కు కంపెనీకి ఉంది. షూరిటీదారుకి సగం వాటా అనేది లేదు. ముందు అప్పు తీసుకున్న వ్యక్తి మీద కేసు వేయకుండా, ముందు బండిని పట్టుకోకుండా, నేరుగా షూరిటీదారు మీద చర్య తీసుకునే హక్కు కూడా కంపెనీకి ఉంది. కంపెనీ అప్పు తీసుకున్న వ్యక్తికి గడువు పెంచినా, కిస్తీ మొత్తాన్ని మార్చినా, వడ్డీ రేటు మార్చినా షూరిటీదారు బాధ్యత తగ్గదు. ఆ మార్పుని కంపెనీ షూరిటీదారుకి చెప్పినా, చెప్పకపోయినా ఇదే వర్తిస్తుంది. ఈ షూరిటీ ముగియాలంటే రెండూ జరగాలి: బాకీ మొత్తం తీరాలి, షూరిటీ నుంచి విడుదల చేస్తున్నామని కంపెనీ రాసి ఇవ్వాలి."

మాటల సంఖ్య తగ్గలేదు, పెరిగింది. సులువుగా రాయడం అంటే కురచగా రాయడమని అనుకునేవాళ్లకి ఇది నచ్చదు. కానీ "ఉమ్మడిగాను విడివిడిగాను" అనే రెండు మాటల్లో దాక్కున్నదాన్ని బయటికి తీస్తే ఒక పొడుగు వాక్యం పట్టింది, పట్టాలి కూడా. దాని బరువు అంకెల్లో చూస్తే తెలుస్తుంది. ఆటో నడవక కిస్తీలు ఆగిపోయాయి, అసలు 1,80,000 మిగిలింది, వడ్డీ, జరిమానా కలిపి 14,000, వసూలు ఖర్చులు 6,000 అనుకోండి. మొత్తం 2,00,000. "విడివిడిగా" అంటే వాటా అనుకున్న గుమాస్తా మనసులో లెక్క 1,00,000. నోటీసులో వచ్చే లెక్క 2,00,000. నోటీసు మీద తేదీ 1 అయితే 8వ తేదీతో గడువు అయిపోతుంది, అది ఇంటికి 5న చేరినా సరే.

"అభ్యంతరం లేకుండా" దగ్గర కాసేపు ఆగాలి. దీన్ని "కోర్టుకి వెళ్లకూడదు" అని రాసేవాళ్లున్నారు. అసలు పేరాలో కోర్టు మాటే లేదు. బాధ్యత తగ్గించడం ఎంత తప్పో, లేని బాధ్యత అతికించడం అంతే తప్పు. అసలు మాట మసగ్గా ఉంటే తెలుగు మాట కూడా అంతే మసగ్గా ఉండాలి, లేదంటే దాన్ని తయారుచేసినవాళ్లనే అడిగి తేల్చుకోవాలి, రాసేవాడు ఊహించి తీర్పు చెప్పకూడదు.

ఇంకో పక్క, చట్టం ఇచ్చేవి కొన్ని ఒప్పందంలో కనిపించవు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే షూరిటీదారు బాధ్యత అప్పుదారు బాధ్యతతో సమానం. అప్పిచ్చినవాడు ముందు అప్పుదారుని వెంటాడి ఆ తర్వాతే షూరిటీదారు దగ్గరికి రావాలన్న వాదనని సుప్రీంకోర్టు బ్యాంక్ ఆఫ్ బీహార్, దామోదర్ ప్రసాద్ కేసులో ఒప్పుకోలేదు. అంటే బండి వాక్యాన్ని పేరాలోంచి తీసేసినా గుమాస్తాకి పెద్దగా ఒరిగేది లేదు. వడ్డీ మార్పు సంగతి వేరు. షూరిటీదారు ఒప్పుకోకుండా ఒప్పందం షరతులు మారిస్తే, ఆ తర్వాతి లావాదేవీల మేరకు అతని బాధ్యత పోతుందని 133వ సెక్షన్ చెబుతుంది. మన పేరాలో "తెలియజేసినను తెలియజేయకున్నను" అన్న ముక్క ఆ రక్షణ అడ్డు రాకుండా ముందే రాయించుకోవడం కోసం ఉంది. ఎనిమిది ముక్కల్లో వాడుక తెలుగులోకి మార్చేటప్పుడు అస్సలు జారిపోకూడనిది ఇదే, మామూలుగా జారిపోయేదీ ఇదే, ఎందుకంటే చదువుతుంటే ఏదో ఊకదంపుడులా వినిపిస్తుంది.

షూరిటీదారు బాకీ కట్టేశాక ఆ డబ్బు అప్పుదారు దగ్గర వసూలు చేసుకునే హక్కు అతనికి చట్టమే ఇస్తుంది, 140, 145 సెక్షన్లు చూడొచ్చు. గుమాస్తాకి ఇది తెలియాలి. కానీ మార్చి రాసిన పేరాలోకి దీన్ని దూర్చకూడదు. దూర్చితే అది కంపెనీ ఇచ్చిన మాటలా కనిపిస్తుంది. కింద గీత గీసి "ఇది ఒప్పందంలో లేదు, చట్టంలో ఉంది" అని విడిగా రాయాలి. అలాగే తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుందని ఒప్పందంలో ఉంటే, ఆ మాట తెలుగు కాగితం చివర చిన్న అక్షరాల్లో కాదు, పైన మొదటి వాక్యంగా ఉండాలి. ఆ మాట తెలియనివాడు తెలుగు కాగితాన్నే అసలైన ఒప్పందం అనుకుని జేబులో పెట్టుకుంటాడు.

రాయడం అయ్యాక సరిచూడడం ఉంది. రాసినవాడే రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే సరిపోదు, ఎందుకంటే అసలు పేరా బుర్రలో ఉంటుంది, తెలుగులో లేనిది కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. అసలు పేరా ఎప్పుడూ చూడని మనిషికి తెలుగుది మాత్రమే ఇచ్చి ఎవరు, ఏం, ఎప్పుడు అని ముక్కలు చేయమనాలి. అవి ఎనిమిది రాకపోతే ఎక్కడో పోయినట్టే, తొమ్మిది వస్తే ఏదో అతికించినట్టే. చదవలేనివాళ్లకి చదివి వినిపించి ప్రశ్నలు వేయాలి, అదీ "అర్థమైందా?" అని కాదు. ఆ ప్రశ్నకి అందరూ అర్థమైందనే అంటారు. "మూడు కిస్తీలు ఆగాయి, బండి ఇంటి ముందే ఉంది. ముందు బండి అమ్మి, తక్కువైతేనే నిన్ను అడుగుతారా?" అని అడగాలి. "ఫోన్లో అడిగారు, కాగితం రాలేదు. ఏడు రోజులు మొదలయ్యాయా?" అని అడగాలి. "బావమరిదికి ఆరు నెలలు గడువు పెంచారు, నీకెవరూ చెప్పలేదు. ఇప్పుడు నీ మీద ఏమైనా ఉందా?" అని అడగాలి. జవాబు తప్పితే తప్పు విన్నవాడిది కాదు, ఆ వాక్యానిది.

ఇలా అడుగుతున్నప్పుడే వినేవాళ్ల నోట ఒక ఎదురు ప్రశ్న వస్తుంటుంది: "ఆఖరి కిస్తీ కట్టేశాక ఆ విడుదల కాగితం ఎన్ని రోజుల్లో ఇస్తారు?" పేరా మళ్లీ చూస్తే దానికి జవాబు లేదు. ఇంగ్లీషులో ఉన్నప్పుడూ లేదు, గ్రాంథికంలో ఉన్నప్పుడూ లేదు, కాకపోతే ఆ సందు అప్పుడు ఎవరికీ కనిపించలేదు. "15 రోజుల్లో" అని రాసేసి సందు పూడ్చే అధికారం మార్చి రాసేవాడికి లేదు. ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి, సంతకానికి ముందే కంపెనీకి పంపాలి.